పొయ్యి పోలికలో ఉన్న తప్పు: రోజుకు ఆరుసార్లు తింటే మెటబాలిజం పెరుగుతుందా?

జిమ్‌లో చేరిన మొదటి వారంలోనే చాలామంది చేతికి ఒక డైట్ కాగితం వస్తుంది. పొద్దున ఏడింటికి ఒకటి, పదింటికి ఇంకొకటి, ఒంటిగంటకు భోజనం, నాలుగింటికి మళ్లీ ఏదో ఒకటి, ఇలా రాత్రి పడుకునే దాకా రెండు మూడు గంటలకోసారి నోరు ఆడుతూనే ఉండాలని అందులో ఉంటుంది. ఎందుకని అడిగితే ఎక్కడైనా ఒకటే జవాబు. శరీరం పొయ్యిలాంటిదట. కాసిని కాసిని కట్టెలు వేస్తూ ఉంటే మంట బాగా మండుతుందట. ఎక్కువసేపు ఏమీ వేయకపోతే చల్లారిపోయి, కొవ్వు కరగడం ఆగిపోతుందట.

వినడానికి ఇది చాలా సబబుగా ఉంటుంది. పొయ్యి ముందు కూర్చున్న ఎవరికైనా కట్టె వేయకపోతే మంట ఆరిపోతుందని తెలుసు. చిక్కల్లా మన శరీరానికి ఆ పోలిక అతకకపోవడమే. పొయ్యికి పక్కన నిల్వ ఉండదు, లోపల వేసిందే దాని బతుకు. శరీరం అలా కాదు, పెరట్లో కట్టెల మోపులు పేర్చిపెట్టుకున్న ఇల్లు అది. అరవై కిలోల బరువున్న ఒక మహిళ ఒంట్లో 18 కిలోల కొవ్వు ఉందనుకుంటే, కిలోకు సుమారు 7,700 కేలరీల చొప్పున లక్షా ముప్పై వేల కేలరీలకు పైగా నిల్వ ఉన్నట్టు. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న చక్కెర దీనికి అదనం. పదింటికి తినాల్సిన బిస్కెట్ తినలేదని ఈ ఇంట్లో మంట ఆరదు.

అసలు మంట దేనితో మండుతోందో కూడా చూడాలి. ఎక్కువగా కూర్చుని పనిచేసే వ్యక్తి రోజంతా ఖర్చు చేసే శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు, కదలకుండా పడుకున్నా ఖర్చయ్యేదే. మెదడు, గుండె, కాలేయం, మూత్రపిండాలు రాత్రీ పగలూ చేసే పని అది. మనం ఎన్నిసార్లు తిన్నామన్నది వాటికి పట్టదు. నడక, ఇంటిపని, వ్యాయామం లాంటి కదలికలకు ఇంకొంత ఖర్చవుతుంది. మిగిలిన చిన్న వాటా, అంటే సుమారు పదో వంతు, తిన్నదాన్ని అరిగించుకోవడానికి, రక్తంలోకి పీల్చుకోవడానికి, సర్దిపెట్టుకోవడానికి పోతుంది. ఆరుసార్ల తిండి వాదమంతా ఈ చిన్న వాటా మీదే నిలబడి ఉంది.

అరిగింపు ఖర్చు ఒక పన్ను లాంటిది

తిన్న తర్వాత ఒళ్లు కొద్దిగా వేడెక్కడం, ఆక్సిజన్ వాడకం పెరగడం నిజమే. దాన్ని ఎవరూ కాదనలేరు. తినగానే మెటబాలిజం, అంటే శరీరం శక్తిని ఖర్చు చేసే వేగం, పెరుగుతుంది కాబట్టి ఎక్కువసార్లు తింటే ఎక్కువసార్లు పెరుగుతుంది అన్నది ఆ వాదం. ఇందులో మొదటి సగం సరైనదే. రెండో సగం కూడా అక్షరాలా తప్పు కాదు. కానీ ప్రతిసారీ ఎంత పెరుగుతుందన్న ప్రశ్నను అది దాటేస్తుంది.

ఈ ఖర్చును పన్నుతో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. పది శాతం పన్ను ఉన్న దుకాణంలో వెయ్యి రూపాయల సరుకు కొంటే వంద రూపాయల పన్ను పడుతుంది. ఒకే బిల్లు వేయించుకున్నా, ఆరు బిల్లులుగా విడగొట్టినా ఆ వంద మారదు. తిండి విషయంలోనూ అంతే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఐసీఎంఆర్‌తో కలిసి ఇచ్చిన లెక్కల ప్రకారం, 55 కిలోల బరువుండి పెద్దగా శారీరక శ్రమ లేని మహిళకు రోజుకు సుమారు 1,660 కేలరీలు కావాలి. దీన్ని మూడు పూటలుగా పంచితే పూటకు 553 వస్తుంది, అందులో అరిగింపుకు 55 పోతుంది. మూడు పూటలకు కలిపి దాదాపు 166. అదే ఆరుసార్లుగా పంచితే ఒక్కోసారి 277 కేలరీలు, అరిగింపుకు 28 చొప్పున. ఆరింటికీ కలిపితే మళ్లీ అదే 166 దగ్గరికి చేరుతుంది. మొదటిదాంట్లో మూడు పెద్ద అలలు, రెండోదాంట్లో ఆరు చిన్న అలలు. నీళ్లు మాత్రం అవే.

ఈ పన్ను రేటును నిజంగా మార్చేది ఏం తిన్నామన్నది. మాంసకృత్తుల్లో ఉన్న శక్తిలో 20 నుంచి 30 శాతం అరిగింపుకే పోతుంది. పిండిపదార్థాలకు అది 5 నుంచి 10 శాతం, కొవ్వుకు 3 శాతం లోపే. అంటే గుప్పెడు మిక్చర్‌ను గుడ్డుతోనో, ఉడికించిన శనగలతోనో మార్చడం వల్ల వచ్చే తేడా, దాన్ని మూడు భాగాలు చేసి తినడం వల్ల రాదు. ఆ తేడా కూడా రోజుకు పదుల కేలరీల్లోనే ఉంటుందని గుర్తుంచుకోవాలి. కొవ్వును కరిగించే తిండి అని ప్రచారం చేసేంత సంగతి అందులో లేదు.

తమాషా ఏమిటంటే, ఒక చిన్న ప్రయోగంలో ఫలితం ఎదురు తిరిగింది. 1991లో అచ్చైన ఆ అధ్యయనంలో ఏడుగురు మహిళలకు 750 కేలరీల ఆహారాన్ని ఒకరోజు ఒకేసారి, ఇంకోరోజు ఆరు చిన్న భాగాలుగా ఇచ్చి, ఐదు గంటల పాటు కొలిచారు. ఒకేసారి తిన్నప్పుడే అరిగింపు ఖర్చు ఎక్కువగా కనిపించింది. దీన్ని పట్టుకుని ఒకేసారి కడుపునిండా తింటే సన్నబడతారని ఎవరైనా చెబితే అది కూడా తప్పే. ఏడుగురి మీద ఐదు గంటల కొలత రోజంతటి లెక్కను తేల్చదు.

గదిలో పెట్టి కొలిచినప్పుడు

రోజంతటి లెక్క తేల్చాలంటే మనిషిని ఒక గదిలో ఉంచాలి. చిన్న హాస్టల్ గదిలా మంచం, బల్ల, టాయిలెట్ ఉంటాయి. తేడా అల్లా అది గాలి చొరబడకుండా మూసి ఉండడం. గదిలోకి వెళ్లే గాలిలో, బయటికి వచ్చే గాలిలో ఆక్సిజన్ ఎంత, కార్బన్ డయాక్సైడ్ ఎంత అని నిమిష నిమిషానికీ కొలుస్తారు. ఆ మనిషి ఎంత శక్తి ఖర్చు చేశాడో, అందులో కొవ్వు నుంచి ఎంత వచ్చిందో దాన్నిబట్టి లెక్కగడతారు. ఆహారం తూకం వేసి, చిన్న కిటికీ గుండా లోపలికి ఇస్తారు. చాటుగా ఇంకో బిస్కెట్ తినే అవకాశం లేదు.

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో 1990ల మొదట్లో ఇలాంటి గదుల్లోనే రోజుకు రెండుసార్లు తినడాన్ని, ఏడుసార్లు తినడాన్ని పోల్చి చూశారు. ఆహారం మొత్తం ఒకటే. ఇరవై నాలుగు గంటల శక్తి ఖర్చులో తేడా కనిపించలేదు. 1997లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నిటినీ పరిశీలించి బ్రిటిష్ పోషకాహార పత్రికలో వచ్చిన సమీక్ష కూడా ఇదే తేల్చింది. 2013లో అమెరికాలోని కొలరాడోలో 15 మంది మీద చేసిన ప్రయోగం ఇంకో అడుగు ముందుకు వేసింది. మూడుసార్లు, ఆరుసార్లు తినడాల మధ్య శక్తి ఖర్చులో గానీ కొవ్వు కరగడంలో గానీ తేడా లేదు. కానీ ఆకలి ఎలా ఉందని అడిగితే, ఆరుసార్లు తిన్న రోజునే ఎక్కువ ఆకలిగా ఉందని, ఇంకా తినాలనిపించిందని చెప్పారు.

ఈ చివరి సంగతి డైట్ కాగితాలు రాసేవాళ్లు గమనించాల్సినది. తరచూ తింటే ఆకలి అదుపులో ఉంటుందన్నది వాళ్ల రెండో వాదం. కొందరికి అది నిజం కావచ్చు. కానీ 250 కేలరీల ముద్ద చాలామందికి కడుపు నింపదు, ఆకలిని నిద్రలేపి వదిలేస్తుంది. ఉగాది పచ్చడి రుచి చూపించి విస్తరి తీసేసినట్టు ఉంటుంది.

గది బయట, మామూలు బతుకులో కూడా చూశారు. కెనడాలోని ఒట్టావాలో స్థూలకాయం ఉన్న 16 మందిని రెండు గుంపులు చేసి, ఎనిమిది వారాల పాటు రోజుకు 700 కేలరీలు తగ్గించి తినమన్నారు. ఒక గుంపుకు మూడు భోజనాలే. రెండో గుంపుకు మూడు భోజనాలు, మూడు చిరుతిళ్లు. 2010లో వచ్చిన ఆ ఫలితాల్లో రెండు గుంపులవాళ్లూ దాదాపు సమానంగా, ఉన్న బరువులో 5 శాతానికి కాస్త తక్కువగా తగ్గారు. తగ్గించింది ఆ 700 కేలరీలు. వాటిని ఎన్ని పళ్లేల్లో పెట్టారన్నది కాదు.

మరి తినకుండా ఉంటే మెటబాలిజం పడిపోతుందన్న భయం సంగతి? 2000లో వియన్నా పరిశోధకులు 11 మంది ఆరోగ్యవంతులను 84 గంటల పాటు ఆహారం లేకుండా ఉంచి కొలిస్తే, విశ్రాంతిలో శక్తి ఖర్చు తొలి మూడు రోజుల్లో పడిపోకపోగా కాస్త పెరిగింది. నాలుగు గంటల విరామానికి ఒళ్లు కంగారుపడి తాళం వేసుకుంటుందన్నది ఈ కొలత ముందు నిలవదు. వారాల తరబడి అవసరానికన్నా బాగా తక్కువ తింటే మాత్రం శరీరం నిజంగానే ఖర్చు తగ్గించుకుంటుంది. అయితే అది మొత్తం తక్కువ తినడం వల్ల వచ్చేది, పూటకూ పూటకూ మధ్య ఉన్న సమయం వల్ల వచ్చేది కాదు.

ప్రేగ్‌లో మొదలై ప్రేగ్‌కే చేరిన కథ

ఇంత బలహీనమైన నమ్మకం ఎలా పుట్టింది? దీనికి ఒక మూలం 1964లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ప్రేగ్ పరిశోధన. అప్పటి చెకోస్లోవాకియాలో 60 నుంచి 64 ఏళ్ల మధ్య వయసున్న 379 మంది మగవాళ్లను పరిశీలించినప్పుడు, రోజుకు తక్కువసార్లు తినేవాళ్లలో అధిక బరువు, ఎక్కువ కొలెస్ట్రాల్ కనిపించాయి. అంతే నిజం. కానీ అది వాళ్లను ఒకసారి చూసి రాసుకున్న లెక్క. ఎవరినీ ఎక్కువసార్లు తినమని చెప్పి ఫలితం చూసిన ప్రయోగం కాదు.

ఇలాంటి లెక్కలో రెండు గోతులు ఉంటాయి. బరువు పెరిగినవాళ్లలో చాలామంది తగ్గాలని పొద్దున టిఫిన్ మానేస్తారు. అప్పుడు తక్కువసార్లు తినడం వల్ల బరువు పెరిగిందా, బరువు పెరగడం వల్ల తక్కువసార్లు తింటున్నారా అన్నది తేలదు. రెండోది ఇంకా మామూలు విషయం. ఏం తిన్నారో రాయమంటే మనుషులు భోజనాలు రాస్తారు, చిరుతిళ్లు మరిచిపోతారు. టీతో పాటు తిన్న రెండు బిస్కెట్లు, పిల్లాడు వదిలేసిన దోశ ముక్క, వంట చేస్తూ నోట్లో వేసుకున్న పకోడీ కాగితం మీదికి ఎక్కవు. బరువు ఎక్కువ ఉన్నవాళ్లలో ఈ మరుపు ఎక్కువని తర్వాతి పరిశోధనలు చూపించాయి. కాగితం మీద మూడుసార్లే తిన్న మనిషి నిజానికి ఏడుసార్లు తిని ఉండవచ్చు.

యాభై ఏళ్ల తర్వాత, 2014లో, అదే ప్రేగ్ నుంచి వచ్చిన ఇంకో పరిశోధన ఈ కథకు మంచి మలుపు. టైప్ 2 షుగర్ ఉండి మాత్రలు వాడుతున్న 54 మందిని తీసుకున్నారు. అందరికీ అవసరానికన్నా రోజుకు 500 కేలరీలు తక్కువ ఆహారం. పన్నెండు వారాలు దాన్ని ఆరుసార్లుగా, మరో పన్నెండు వారాలు ఉదయం, మధ్యాహ్నం రెండే పూటలుగా తిన్నారు. ఆరుసార్లు తిన్నప్పుడు సగటున 2.3 కిలోలు, రెండుసార్లు తిన్నప్పుడు 3.7 కిలోలు తగ్గారు. షుగర్ ఉన్నవాళ్లు తప్పనిసరిగా కొద్దికొద్దిగా ఆరుసార్లు తినాలన్న పాత సలహాకు ఇది గట్టి ఎదురుదెబ్బ. అయితే వాళ్లంతా వైద్యుల కనుసన్నల్లో ఉన్నవాళ్లు. ఆ షరతును పక్కన పెట్టి ఈ ఫలితాన్ని వాడుకోకూడదు.

ఆరుసార్ల పక్షాన చెప్పుకోవాల్సిన మాట కూడా ఒకటి ఉంది. 1989లో ఏడుగురు మగవాళ్ల మీద జరిగిన ప్రయోగంలో, అదే ఆహారాన్ని మూడు భోజనాలకు బదులు రోజుకు 17 చిన్న భాగాలుగా తింటే చెడు కొలెస్ట్రాల్, ఇన్సులిన్ రెండూ తగ్గాయి. కొలెస్ట్రాల్ వేరు, మెటబాలిజం వేరు. పైగా రోజుకు పదిహేడుసార్లు తూకం వేసుకుని తినగలిగే ఉద్యోగస్తులు ఎవరుంటారో ఊహించడం కష్టం.

మనవైపు ఇంకో చివర ఒక సామెత ఉంది. ఒక పూట తింటే యోగి, రెండు పూటలా తింటే భోగి, మూడు పూటలా తింటే రోగి అని. ఆరుసార్లు తినేవాడికి ఆ సామెతలో చోటే లేదు. ఇది కూడా కొలిచి చెప్పిన మాట కాదు కాబట్టి డైట్ కాగితం స్థానంలో దీన్ని గోడకు అంటించుకోవాల్సిన పని లేదు. పొలం పనికి పోయేవాళ్లు పొద్దున్నే చద్దన్నం, మధ్యాహ్నం పొలం గట్టున అన్నం, రాత్రి ఇంట్లో అన్నం తిని రోగులేమీ కాలేదు. వాళ్ల పూటలు పని వేళల్ని బట్టి వచ్చాయి.

ఒక టీచరమ్మ రోజు, లెక్కలతో సహా

పూటల సంఖ్య మెటబాలిజాన్ని మార్చకపోతే, దాన్ని మరో రకంగా ఎంచుకోవచ్చు. ఏ పద్ధతిలో ఒక మనిషి తనకు కావలసినంతే తిని, మధ్యలో ఆకలితో చికాకు పడకుండా, పని చెడకుండా ఉండగలడన్నదే కొలమానం అవుతుంది. దీన్ని ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. కేలరీలు ఇంటి కొలతలకు వేసిన ఉజ్జాయింపు లెక్కలు. ఎవరి గరిటె వారిది కాబట్టి పది ఇరవై అటూ ఇటూ ఉంటాయి.

నలభై ఏళ్ల స్కూలు టీచరు. బరువు పెరుగుతోందని ఎవరో చెబితే కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినడం మొదలుపెట్టారు. పొద్దున ఆరున్నరకు రెండు చెంచాల చక్కెరతో టీ, మూడు మేరీ బిస్కెట్లు కలిపి 150. ఎనిమిదింటికి మూడు ఇడ్లీలు, పల్లీ చట్నీ కలిపి 270. పదీ ముప్పావుకు స్టాఫ్ రూములో మళ్లీ టీ, గుప్పెడు మిక్చర్ కలిపి 240. ఒంటిగంటకు డబ్బాలో అన్నం, పలచటి పప్పు, కూర, కాస్త పెరుగు, మొత్తం 530. ఇంటికొచ్చాక నాలుగూ ముప్పావుకు అరటిపండు, వేయించిన పల్లీలు 240. రాత్రి ఎనిమిదిన్నరకు రెండు చపాతీలు, కూర 320. పడుకునే ముందు గ్లాసు పాలు 120.

మొత్తం 1,870 కేలరీలు. ఆమె బరువు 55 కిలోలనుకుంటే, పైన చెప్పిన 1,660 కన్నా 210 ఎక్కువ. ఏ పూట చూసినా తక్కువే తిన్నట్టు ఉంటుంది. మోసం అక్కడే ఉంది. టిఫిను, రెండు భోజనాలు కలిపితే 1,120 మాత్రమే. మిగిలిన నాలుగు చిన్నవి కలిపితే 750. అదనంగా తిన్న 210 కేలరీల వల్ల అరిగింపు ఖర్చు మహా అయితే 21 పెరుగుతుంది. మిగిలిన 189 ఎక్కడికీ పోవు.

దీన్ని సరిచేయడానికి పూటలు తగ్గించడం ఒక్కటే దారి కాదు. ముందు ఏ చిరుతిండి ఆకలి వల్ల తింటున్నారో, ఏది అలవాటు వల్లో చూడాలి. దానికి ఒక వారం పాటు తినబోయే ముందు గడియారం, ఆకలికి పదికి ఎన్ని మార్కులు అని ఫోనులో రాసుకుంటే సరిపోతుంది. ఈ ఉదాహరణలో పదీ ముప్పావుకు ఆకలి రెండే మార్కులు అనుకుందాం. టిఫిను తిని మూడు గంటలు కూడా కాలేదు, అందరూ టీ తాగుతుంటే చెయ్యి మిక్చర్ వైపు పోతోంది. రాత్రి పాలకు ఒకటి. నాలుగూ ముప్పావుకు మాత్రం ఏడు, ఒక్కోసారి తల పట్టేసినట్టు కూడా ఉంటోంది. అది నిజమైన ఆకలి. ఒంటిగంట భోజనానికీ ఎనిమిదిన్నర భోజనానికీ మధ్య ఏడున్నర గంటల ఎడం ఉంది మరి.

కాబట్టి సాయంత్రం తిండి ఉంచి, మిగతా మూడింటిని కోయాలి. పొద్దున ఒక చెంచా చక్కెరతో టీ మాత్రం, 60. ఇడ్లీ చట్నీకి తోడు ఒక ఉడికించిన గుడ్డు, 345. స్టాఫ్ రూము టీ మానేయనక్కర్లేదు. అది నలుగురితో మాట్లాడుకునే సమయం, దాన్ని కోసేస్తే పద్ధతి వారం కూడా నిలవదు. టీ ఉంచి మిక్చర్ తీసేస్తే 60. మధ్యాహ్నం అన్నం అంతే ఉంచి, పప్పు గట్టిగా చేసుకుని పెరుగు పెంచితే 610. సాయంత్రం చిన్న కప్పు శనగ గుగ్గిళ్లు, 155. రాత్రి అవే రెండు చపాతీలు, కూర, 320. మొత్తం 1,550. పాత రోజు కన్నా 320 తక్కువ, అయినా మధ్యాహ్నం భోజనం పెద్దదైంది, మాంసకృత్తులు పెరిగాయి. నెల తర్వాత బరువు తగ్గితే ఆ ఘనత ఈ 320ది.

గుడ్డు తిననివాళ్లు ఇడ్లీ రోజున చట్నీ బదులు గట్టి సాంబారు పెంచుకోవచ్చు, లేదా వారంలో రెండు మూడు రోజులు పెసరట్టు వేసుకోవచ్చు. పెసరట్టుకు నూనె ఎంత పోశారన్నది మాత్రం అట్టు కన్నా ముందు చూడాలి. ఒక చెంచా నూనెలో దాదాపు 45 కేలరీలు ఉంటాయి.

పద్ధతి కుదిరిందో లేదో మూడు నాలుగు వారాల్లో తెలుస్తుంది. రోజూ పొద్దున బరువు చూసి, వారం సగటును మాత్రమే పక్క వారంతో పోల్చాలి. ఒకరోజు ఉప్పు ఎక్కువ తిన్నా, ఆవకాయ అన్నం లాగించినా మర్నాడు కిలో దాకా పెరిగినట్టు కనిపిస్తుంది, అది నీరు. అంతకన్నా ముందే కనిపించే గుర్తు ఒకటుంది. రాత్రి భోజనం వేళకు గిన్నెల మీద పడి తింటుంటే, పగలు తక్కువైందని అర్థం. టిఫిను మానేసి, మధ్యాహ్నం సరిగా తినక, రాత్రి తొమ్మిదిన్నరకు రెండు పూటల అన్నం ఒకేసారి తినేవాళ్లు తాము రెండుసార్లే తింటున్నామని అనుకుంటారు. వాళ్లకు పూటలు తగ్గించే సలహా పనికిరాదు. సాయంత్రం ఐదింటికి ఒక గుగ్గిళ్ల గిన్నె కలపడమే వాళ్లకు మేలు చేస్తుంది.

హైదరాబాద్‌లో అమెరికా వేళలకు పనిచేసేవాళ్లది ఇంకో లెక్క. ఒకే అన్నం పొద్దున తిన్నప్పటి కన్నా రాత్రి తిన్నప్పుడు రక్తంలో చక్కెర ఎక్కువగా పెరుగుతుంది. రాత్రివేళ దాన్ని సర్దే శక్తి శరీరానికి తగ్గుతుంది. అందుకని షిఫ్టుకు బయలుదేరే ముందు సాయంత్రం పెద్ద భోజనం చేసి, నడిరాత్రి బిర్యానీ ఆర్డర్ల బదులు మజ్జిగ, కాసిని పల్లీలు లాంటి చిన్న తిండితో సరిపెట్టుకుని, ఇంటికొచ్చాక టిఫిను తిని పడుకోవడం చాలామందికి నప్పుతుంది. ఇక్కడ పూటలు లెక్కబెట్టడం కన్నా పెద్ద పూట ఎప్పుడన్నది ముఖ్యం.

తరచూ తినడానికి దంతవైద్యులు చెప్పే అభ్యంతరం ఒకటి మిగిలింది. తీపి లేదా పిండి పదార్థం తిన్న ప్రతిసారీ నోట్లో ఆమ్లం పెరుగుతుంది, లాలాజలం దాన్ని సర్దడానికి అరగంటో ఇంకాస్త ఎక్కువో పడుతుంది. బిస్కెట్లతో రోజుకు ఏడుసార్లు అయితే పంటికి తెరిపి దొరకదు.

కొద్దికొద్దిగా తినక తప్పనివాళ్లు

మెటబాలిజంతో సంబంధం లేకుండా, కొందరికి చిన్న పూటలు నిజంగానే అవసరం. వేవిళ్లతో ఉన్న గర్భిణికి కడుపు ఖాళీగా ఉన్నా కష్టమే, నిండినా కష్టమే. పులితేన్పులు, ఛాతీలో మంట ఉన్నవాళ్లకు పెద్ద భోజనం పడదు. జీర్ణాశయానికి ఆపరేషన్ అయినవాళ్లు ఒకేసారి ఎక్కువ తింటే కళ్లు తిరగడం, చెమటలు, విరేచనాలు రావచ్చు. లివర్ సిరోసిస్ ఉన్నవాళ్లకు రాత్రి పడుకునే ముందు కూడా ఏదైనా తినమని వైద్యులే చెబుతారు. వాళ్ల కాలేయం గ్లైకోజెన్‌ను సరిగా నిల్వ చేయలేదు కాబట్టి రాత్రంతా తినకపోతే శరీరం కండరాల మీద పడుతుంది. చెప్పాలంటే, పొయ్యి పోలిక కాస్తయినా అతికేది ఇక్కడే. చిన్న పిల్లలకు, ఆకలి చచ్చిపోయిన ముసలివాళ్లకు కూడా ఒకేసారి పెట్టింది ఎక్కదు.

అన్నిటికన్నా జాగ్రత్త కావలసింది షుగర్‌కు ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ల విషయంలో. ఈ మాత్ర తిండి ఉన్నా లేకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. పొద్దున మాత్ర వేసుకుని, మూడుపూటల పద్ధతి మంచిదని చదివి పదకొండింటి చిరుతిండి మానేస్తే, మధ్యాహ్నానికి చక్కెర 70 కన్నా కిందికి పడిపోవచ్చు. చేతులు వణకడం, చల్లటి చెమట, గుండె దడ, మాట తడబడడం దాని గుర్తులు. అప్పుడు వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట ఆగి మళ్లీ పరీక్ష చేసుకోవాలి. స్పృహ తప్పినవాళ్ల, మింగలేని స్థితిలో ఉన్నవాళ్ల నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లలో ఈ ప్రమాదం చాలా తక్కువ. కాబట్టి పూటలు మార్చాలనుకునేవాళ్లు ముందు మందుల చీటీ తీసి అందులో ఏముందో చూసుకోవాలి. ఇన్సులిన్ గానీ, ఇలాంటి మాత్ర గానీ ఉంటే, డాక్టరు మోతాదు సర్దిన తర్వాతే పదకొండింటి చిరుతిండి మానాలి.